కాదనడానికి వీలున్న పిలుపు

మా మేనకోడలు డాలస్‌లో ఉంటుంది. జనవరిలో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చూసుకుంటే దాని దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్. పైన ‘అత్తా, ఇది చదివి బాగుందో లేదో చెప్పు, ఇంకా పంపలేదు’ అని ఉంది. కింద ఇలా రాసుకుంది:

‘ఒసేయ్ బుజ్జీ! అక్టోబరులో నా పెళ్లి ఫిక్స్ అయింది!! నువ్వు నా బ్రైడ్స్‌మెయిడ్‌వి. డాలస్ వచ్చి నా పక్కన నిలబడాలి. హాస్టల్లో రెండేళ్లు ఒకే కంచంలో తిన్నాం, ఈ ఒక్కరోజు నా పక్కన నిలబడవా? నువ్వు లేకపోతే నాకది పెళ్లిలానే ఉండదు. నువ్వు కాదనవని నాకు తెలుసు. అయినా బలవంతం ఏమీ లేదులే, నీ ఇష్టం. ఏమీ అనుకోను.’

చదవగానే నాకు కళ్లు చెమర్చాయి. రెండోసారి చదివితే, ఆ బుజ్జి స్థానంలో నేనుంటే ఏం చేస్తానా అనిపించింది. ఏం చేస్తాను, చచ్చినట్టు ఒప్పుకుంటాను. లేదంటే ‘చూద్దాంలేవే’ అని నెలల తరబడి నానుస్తాను.

ఆ అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది. ఎనిమిది నెలల పాప. పాస్‌పోర్టు ఉంది, అమెరికా వీసా లేదు. ప్రసూతి సెలవు అయిపోయి అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరింది. అవన్నీ మా పిల్లకు తెలుసు. తెలిసీ మెసేజ్ అలా రాసింది. దాని మనసులో కల్మషం ఏమీ లేదు, భాష దాన్ని అటు లాక్కుపోయింది.

ఇంతకీ బ్రైడ్స్‌మెయిడ్ అంటే మనకు మరీ కొత్త కాదు. మన ఇళ్లలో పెళ్లికొడుకును చేసేటప్పుడు పక్కన ఇంకో పిల్లవాణ్ని కూర్చోబెట్టి, వాడికీ నలుగు పెట్టి, నీళ్లు పోసి, కొత్తబట్టలు కడతారు. వాడు తోడిపెళ్లికొడుకు. అటువైపు తోడిపెళ్లికూతురు. సాధారణంగా పెళ్లికాని పిల్లలు, చాలాసార్లు తమ్ముడో చెల్లెలో, పెదనాన్న మనవడో. అందులో ఎవరినీ అడిగేది ఉండదు. ‘ఒరేయ్ చిన్నోడా, వచ్చి కూర్చో’ అంటే అయిపోయింది. వాడికి కావలసింది కొత్త చొక్కా, కాసేపు పెళ్లికొడుకుతో సమానంగా హారతి. మన క్రైస్తవ కుటుంబాల్లో తెల్లచీర, ముసుగుతో పెళ్లికూతురు చర్చిలోకి నడిచేటప్పుడు తోడిపెళ్లికూతుళ్లు ఒకే రంగు బట్టల్లో వెంట వస్తారు. అక్కడా ఎక్కువగా చుట్టాల పిల్లలే. బట్టలు పెళ్లివారు పెట్టడమే నేను చూశాను.

అమెరికా పద్ధతి అలా కాదు. అక్కడ పెళ్లికూతురి పక్కన నిలబడేది స్నేహితురాళ్లు. పెళ్లయిన వాళ్లూ ఉండొచ్చు. వాళ్లలో ముఖ్యురాలు పెళ్లికానిదైతే మెయిడ్ ఆఫ్ ఆనర్, పెళ్లయితే మేట్రన్ ఆఫ్ ఆనర్ అంటారు. పెళ్లికొడుకు పక్కన బెస్ట్‌మ్యాన్, గ్రూమ్స్‌మెన్. వీళ్లకు పని ఉంటుంది, ఖర్చూ ఉంటుంది. పెళ్లికి కొన్ని వారాల ముందు బ్రైడల్ షవర్ అని ఒక వేడుక. బ్యాచిలరెట్ పార్టీ పేరుతో చాలామంది ఇప్పుడు ఏదో ఊరికి రెండు మూడు రోజులు వెళ్తున్నారు. పెళ్లి ముందురోజు రిహార్సల్, దాని తర్వాత విందు. పెళ్లిరోజు జుట్టుకూ మేకప్‌కూ పొద్దున్నుంచే కూర్చోవాలి. అందరికీ ఒకే రంగు గౌను. ఆ గౌను అమెరికాలో మామూలుగా తొడుక్కునే అమ్మాయే కొనుక్కుంటుంది. మగపిల్లలైతే టక్సీడో సొంత డబ్బుతో అద్దెకు తెచ్చుకుంటారు. బ్రిటన్‌లో అయితే తోడిపెళ్లికూతురి గౌను పెళ్లివారే కొనివ్వడం పాత ఆనవాయితీ. విక్టోరియా రాణి 1840లో పెళ్లి చేసుకున్నప్పుడు పన్నెండు మంది అమ్మాయిలు ఆమె గౌను వెనక జీరాడే గుడ్డ పట్టుకుని నడిచారు. వాళ్లను ఎవరూ ‘నీకు వీలవుతుందా’ అని అడిగి ఉండరు.

మా పిల్ల పెళ్లి రెండు పద్ధతుల్లో. పొద్దున మన ముహూర్తం, సాయంత్రం నాలుగున్నరకు అబ్బాయి వాళ్ల పద్ధతిలో ప్రమాణాలు. అబ్బాయి అమెరికనే. బుజ్జిని పిలిచేది ఆ సాయంత్రం భాగానికి. పక్కన నిలబడే ఆ ఇరవై నిమిషాల కోసం బుజ్జి చేయాల్సినవి కాగితం మీద రాయించాను. డీఎస్-160 ఫారం నింపాలి. వీసా ఫీజు 185 డాలర్లు, వీసా వచ్చినా రాకపోయినా వెనక్కి ఇవ్వరు. నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ దొరకాలి, దానికి నెలలు పట్టొచ్చు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు నేరుగా విమానం లేదు, మధ్యలో ఎక్కడో మారాలి, రానూపోనూ లక్ష దాటుతుంది. పాపను తీసుకెళ్తే పాపకూ వీసా, టికెట్టు. వదిలి వెళ్తే అత్తగారో అమ్మో పది రోజులు చూసుకోవాలి. చేరిన కొత్తలోనే రెండు వారాల సెలవు.

రాసి పంపాక మా పిల్ల చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ‘నేను దాన్ని పెళ్లికి పిలుస్తున్నా అనుకున్నానత్తా’ అంది.

చిక్కంతా ఆ మాటలోనే ఉంది. తెలుగులో మనకు పెళ్లికి పిలవడం బ్రహ్మాండంగా వచ్చు. ‘తప్పకుండా రావాలి’, ‘రాకపోతే ఊరుకునేది లేదు’, ‘నాలుగు రోజుల ముందే వచ్చేయాలి’ అంటాం. ఎంత గట్టిగా పట్టుబడితే అంత మర్యాద. ఒక్కసారి మాత్రమే పిలిస్తే ‘మాటవరసకు పిలిచారు’ అనుకుంటారు. అటు పిలిపించుకున్నవాళ్లకూ ఆట తెలుసు. ‘తప్పకుండా వస్తాం’ అంటారు, రాకపోతే ఎవరూ లెక్క తీయరు, తర్వాత ఎప్పుడో వచ్చి అక్షింతలు వేసి భోంచేసి వెళ్తారు. పిలుపులోని బలవంతం ఉత్తుత్తిదని ఇద్దరికీ తెలుసు కాబట్టి అది ఎవరికీ గుచ్చుకోదు.

పక్కన నిలబడమని అడగడం ఆ కోవలోది కాదు. ఇక్కడ వస్తానని రాకపోతే గౌను మిగిలిపోతుంది, వరస తప్పుతుంది, ఫొటోలో చోటు ఖాళీగా కనిపిస్తుంది. అందుకే అవుననో కాదనో తేలాలి. కానీ మనం అదే పిలుపు భాషను తెచ్చి ఇక్కడ వాడతాం. ఉత్తుత్తి బలవంతం కాస్తా నిజం బలవంతమైపోతుంది. మొహమాటం అన్న మాట పుట్టిన భాష కదా మనది.

ఇక ఆ మెసేజ్‌ను ముక్కముక్కగా పట్టుకున్నాం. నేను విజయవాడలో, అది డాలస్‌లో, వీడియో కాల్‌లో.

మొదటిది, ‘నిలబడాలి’. ఇది అడగడం కాదు, చెప్పడం. దాని కింద ‘నిలబడవా?’ అని ఉంది. ప్రశ్నే, కానీ తెలుగులో ఈ ‘వా’కు ముందు లేదనే అర్థం ఒకటి దాక్కుని ఉంటుంది. ‘అన్నం తింటావా’ అంటే ఆకలి సంగతి అడుగుతున్నాం. ‘అన్నం తినవా’ అంటే తినడం లేదేమని నొచ్చుకుంటున్నాం. ‘పక్కన నిలబడవా’ అంటే ‘ఆ మాత్రం చెయ్యవా నాకోసం’ అని. దానికి కాదనడం అంటే ఆ మాత్రం కూడా చెయ్యనని ఒప్పుకోవడమే. ‘నిలబడతావా’ అంటే చాలు, తేడా ఒక్క అక్షరం.

‘నువ్వు కాదనవని నాకు తెలుసు’ అన్నది తాళం వేసి తలుపు తట్టడం. ‘నువ్వు లేకపోతే పెళ్లిలానే ఉండదు’ అన్నది ఇంకా బరువు. బుజ్జి రాకపోతే ఆ పెళ్లి పాడైన నేరం బుజ్జిది. నిజానికి తోడు నిలబడేవాళ్లు లేకపోతే ఆగిపోయేది ఏమీ లేదు. మన స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లి చేసుకుంటే ముగ్గురు సాక్షులు సంతకం పెట్టి తీరాలి. టెక్సస్‌లో పెళ్లి లైసెన్సుకు సాక్షుల సంతకాలే అడగరు. ఆ సంగతి మా పిల్లకు నేనే చెప్పాను, నవ్వింది.

‘ఒకే కంచంలో తిన్నాం’ అన్న వాక్యంతో నాకు ఎక్కువ పేచీ. అది నిజమే, మంచి జ్ఞాపకమే. ఎక్కడ పెట్టింది, అది చూడాలి. ‘ఒకే కంచంలో తిన్నాం, ఈ ఒక్కరోజు నిలబడవా’ అన్నప్పుడు ఆ కంచం అప్పుపత్రం అయింది. జ్ఞాపకం చెప్పాలి, కానీ ‘నిన్ను ఎందుకు తలుచుకున్నానంటే’ అని చెప్పాలి, బాకీ గుర్తుచేసినట్టు కాదు.

అన్నిటికన్నా చిత్రం చివరి మూడు మాటలు. ‘బలవంతం ఏమీ లేదులే, నీ ఇష్టం. ఏమీ అనుకోను.’ మా పిల్ల ఉద్దేశంలో అవే బుజ్జికి వెసులుబాటు ఇచ్చేవి. తెలుగు ఇంట్లో పుట్టి పెరిగిన ఎవరినైనా అడగండి. అమ్మ ‘నీ ఇష్టం’ అందంటే ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు ఎలా చప్పుడు చేస్తాయో అందరికీ తెలుసు. ‘లేదులే’లోని ‘లే’ సగం అలక. ‘ఏమీ అనుకోను’ అంటే అనుకోవడానికి ఏదో ఉందనే. ఎదుటివాళ్లకు దారి తెరిచామని మనం అనుకుంటాం, వాళ్లకు మాత్రం మూతి ముడిచి తలుపు దగ్గర నిలబడ్డట్టు కనిపిస్తాం.

మరి ఆ వెసులుబాటు ఏ మాటల్లో ఇవ్వాలి? నాకు తోచింది ఇది. తెలుగులో ఔదార్యం పలికే మాటలన్నిటికీ అలక వాసన ఉంటుంది కాబట్టి ఔదార్యపు మాటలు వదిలేసి వివరాలు రాయాలి. పని ఎంత, డబ్బు ఎవరిది, ఎప్పటిలోగా చెప్పాలి, కాదంటే ఏమని రాస్తే చాలు. వివరం చెప్పినప్పుడు ఎదుటివాళ్లు లెక్క వేసుకోగలుగుతారు. లెక్క వేసుకుని కాదంటే అది స్నేహాన్ని కాదన్నట్టు ఉండదు, లెక్క కుదరలేదన్నట్టే ఉంటుంది.

మూడు రోజులు అటూ ఇటూ చేసి మా పిల్ల చివరికి పంపింది ఇది. ఇద్దరి అనుమతితోనే ఇక్కడ ఇస్తున్నాను.

‘బుజ్జీ, నిన్నొకటి అడగాలి. తీరిగ్గా ఉన్నప్పుడు చదువు, వెంటనే జవాబివ్వకు.

అక్టోబరు రెండో శనివారం డాలస్‌లో నా పెళ్లి. పొద్దున మన పద్ధతి, సాయంత్రం వాళ్ల పద్ధతి. సాయంత్రం నా పక్కన నలుగురు నిలబడతారు. అందులో నువ్వొకదానివి కావాలని నా కోరిక. నిలబడతావా?

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు హాస్టల్లో మూడు రాత్రులు నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నావు. పక్కన ఎవరుండాలని ఆలోచిస్తే నాకు మొదట ఆ కుర్చీ గుర్తొచ్చింది.

పని ఇంతే. శుక్రవారం సాయంత్రం గంటసేపు రిహార్సల్. శనివారం సాయంత్రం నాకన్నా ముందు నడిచి వచ్చి ఇరవై నిమిషాలు నిలబడటం, ప్రమాణాలప్పుడు నా పూలగుత్తి పట్టుకోవడం. స్పీచ్ లేదు. షవర్, బ్యాచిలరెట్ పార్టీ నీకు లెక్కలోకి రావు. గౌను, ఇక్కడ ఉండటం, తిరగడం నావి. వీసా, టికెట్టు మాత్రం నేను పెట్టుకోలేను, అది ముందే చెప్పడం మంచిది కదా.

ఫిబ్రవరి 15 లోపు చెప్పు, ఆ తర్వాత గౌన్లు ఆర్డరివ్వాలి. కుదరకపోతే ‘కుదరదే’ అని ఒక్క ముక్క పెట్టు, కారణం రాయక్కర్లేదు. ఒప్పుకున్నాక వీసా రాకపోయినా అంతే, గౌను ఇక్కడ ఎవరికో సరిపోతుంది. నువ్వు చెప్పేదాకా నేను ఈ ఊసెత్తను. మామూలుగా ఫోన్లు చేస్తూనే ఉంటాను, భయపడకుండా ఎత్తు.’

ఇందులో రెండు మూడు సంగతుల దగ్గర మాకిద్దరికీ వాదన జరిగింది. ‘పాప చిన్నది, నాకు తెలుసు’ అని ఒక వాక్యం దానికి రాయాలని. నేను వద్దన్నాను. అది చూడ్డానికి దయలా ఉంటుంది గానీ, ఆ అమ్మాయి తరఫున జవాబు మనమే రాసేసినట్టు. ఏమో, భర్తా తనూ ఎన్నాళ్ల నుంచో అమెరికా వెళ్లాలనుకుంటున్నారేమో, పాపను ఎత్తుకుని ఎగిరి వస్తుందేమో, మనకేం తెలుసు. కారణం అక్కర్లేదన్న తర్వాత మనమే కారణం చేతిలో పెట్టడం పద్ధతి కాదు.

డబ్బు సంగతి రాయడానికి దానికి మొహమాటం. ‘టికెట్టు నువ్వే పెట్టుకో అని ఎలా రాస్తానత్తా’ అంది. రాయకపోతే బుజ్జి రెండు రకాలుగా ఊహించుకుంటుంది, అదే పెడుతుందేమోనని ఒకరోజు, పెట్టదేమోనని ఒకరోజు. అడగలేదు. అడగలేక ‘చూద్దాం’ అంటుంది. మన ‘చూద్దాం’లలో సగానికి అడగలేని ప్రశ్నే కారణమని నా అనుమానం. ఇస్తామని తర్వాత ఇవ్వలేకపోవడం కన్నా ఇవ్వలేనని ముందే చెప్పడం మేలు.

తేదీ కూడా ఊరికే పెట్టింది కాదు. ఇలాంటి గౌన్లు చాలావరకు ఆర్డరిచ్చాక కుడతారు, చేతికి రావడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, ఆ తర్వాత ఒంటికి సరిచేయించడానికి ఇంకొన్ని వారాలు. వీసా తేదీ వెతకడానికీ నెలలు కావాలి. అక్టోబరు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే ఫిబ్రవరి తేలింది. ‘త్వరగా చెప్పు’ అంటే అది ఒత్తిడి. ‘15 లోపు, ఎందుకంటే గౌన్లు’ అంటే అది పని. జవాబు చెప్పేవాళ్లకు ఆలోచించుకోవడానికి నాలుగు వారాలు దొరికాయి.

ఎలా పంపాలన్నది ఇంకో సంగతి. నలుగురినీ ఒక గ్రూపులో పెట్టి అడగొద్దు. మొదటి అమ్మాయి గుండె బొమ్మలతో ‘ఎస్’ అనగానే మిగతా ముగ్గురి నోళ్లు మూతపడతాయి. ఫోన్‌లోనూ వద్దు, ఎదురుగానూ వద్దు. ముఖం చూస్తూ ‘కాదు’ అనగల తెలుగువాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ఫోన్‌లో మాట తడబడితే ఆ తడబాటే జవాబైపోతుంది. అమెరికాలో ఇప్పుడు ఇంకో వేడుక. ‘నా బ్రైడ్స్‌మెయిడ్‌గా ఉంటావా’ అని అచ్చు వేయించిన అందమైన పెట్టెలో కొవ్వొత్తి, చిన్న షాంపేన్ సీసా, పేరు కుట్టిన సిల్కు గౌను పెట్టి ఇంటికి పంపుతారు. విప్పుతుంటే వీడియో తీస్తారు. సిల్కు గౌను మీద తన పేరు కుట్టి ఉంటే ఆ పిల్ల ఇంకేం అంటుంది? పెట్టెలు పంపదలుచుకుంటే ఒప్పుకున్నాక పంపండి, అప్పుడది బహుమతి.

బుజ్జి ఆరు రోజులకు జవాబిచ్చింది. ‘నీ మెసేజ్ నాలుగుసార్లు చదివాను. కుదరదే. నువ్వు అడిగావన్నది మాత్రం దాచుకుంటాను.’

మా పిల్ల వెంటనే నాకు ఫోన్ చేసింది. అప్పటికే దాని వేళ్లు పరుగెడుతున్నాయి. ‘సగం టికెట్టు నేను పెట్టుకుంటానని చెప్పనా? పాప కోసం ఇక్కడ ఆయాను మాట్లాడనా?’ ఇదిగో, ఇక్కడే అసలు పరీక్ష. మెసేజ్ ఎంత అందంగా రాసినా, కాదన్న మరుక్షణం బతిమాలడం మొదలుపెడితే ముందు రాసిందంతా అబద్ధమైపోతుంది. కారణం అక్కర్లేదన్నాం కదా, ఇప్పుడు ఒక్కో కారణాన్నీ ఊహించి తీర్చబోవడం కారణం అడిగినట్టే. ‘అయ్యో, ఎందుకే?’ అని కూడా రాయకూడదు. అలాగే, ‘పోనీ రాలేకపోతే ఫలానా పని చేసిపెట్టు’ అని ఓదార్పు పని అంటగట్టకూడదు. కాదన్నవాళ్లకు జరిమానా వేసినట్టుంటుంది.

చివరికి మా పిల్ల రాసింది: ‘తిన్నగా చెప్పావు, అదే నాకు కావాల్సింది. ఆ సంగతి అయిపోయింది. పాప పాకుతోందా?’ బుజ్జి అరనిమిషంలో పాప వీడియో పంపింది. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారట, పెళ్లి ఊసు లేకుండా.

తర్వాత ఖాళీ అయిన ఆ చోటు సంగతి వచ్చింది. పెళ్లికొడుకు పక్కన నలుగురు కుర్రాళ్లు ఖాయమయ్యారు, ఇటు ముగ్గురు. ఇంకొకరిని అడగాలా? రెండువైపులా లెక్క సమానంగా ఉండాలన్న నియమం ఏదీ లేదు, ఫొటోగ్రాఫర్ల ఇష్టం తప్ప. ఎవరినైనా అడగాలంటే ఆ పిల్ల నిజంగా కావలసినదై ఉండాలి. అడిగితే మాత్రం ‘నిన్నే ముందు అనుకున్నా’ అని అబద్ధం ఆడొద్దు. హాస్టల్ స్నేహితుల లోకం చిన్నది, ఎవరిని ముందు అడిగారో నెలలోపు అందరికీ తెలుస్తుంది. మా పిల్ల ఎవరినీ అడగలేదు. అది నాకు నచ్చింది.

మగపిల్లల సంగతి వేరే చెప్పాలి. వాళ్ల మెసేజ్‌లలో కన్నీళ్లు ఉండవు, సందు కూడా ఉండదు. మా వీధిలో ఒక క్రైస్తవ కుటుంబం ఉంది. వాళ్లబ్బాయికి జనవరి మొదటి వారంలో చర్చిలో పెళ్లి. ఇంజనీరింగ్ నుంచీ కలిసి తిరిగిన స్నేహితుడికి నవంబరులో పెట్టిన మెసేజ్ నాకు చూపించాడు: ‘రేయ్, పెళ్లి ఫిక్స్. బెస్ట్‌మ్యాన్ నువ్వే. కోటు కొలతలు పంపు.’ మూడు వాక్యాలు, మూడింట్లోనూ ప్రశ్న గుర్తు లేదు.

ఆ స్నేహితుడు ఆ ఏడాది అయ్యప్ప మాల వేసుకోవాలని మొక్కుకున్నాడు. నలభై ఒక్క రోజుల దీక్ష, ఆ తర్వాత శబరిమల ప్రయాణం. లెక్క చూస్తే పెళ్లి నాటికి ఇంకా మాలలోనే ఉంటాడు. నల్లబట్టలు, కాళ్లకు చెప్పులు లేవు, కోటు ఎలా తొడుగుతాడు? ఈ ముక్క చెప్పడానికి అతనికి మూడు వారాలు పట్టింది. ఈలోపు కోటు గుడ్డ కొనేశారు. చెప్పాక పెళ్లికొడుకు కోపగించలేదు, ‘ముందే చెప్పొచ్చుగా స్వామీ’ అన్నాడంతే. ముందే చెప్పొచ్చు, నిజమే, ముందే అడిగి ఉంటే. ‘బెస్ట్‌మ్యాన్‌గా నిలబడతావా? నెలాఖరులోగా చెప్పు, కోటు కుట్టించాలి’ అని ఉంటే సాయంత్రానికల్లా ‘మాలలో ఉంటానురా’ అని వచ్చేది. కన్నీళ్లు అక్కర్లేదు, ఒక ప్రశ్న గుర్తు, ఒక తేదీ చాలు. ఆ స్నేహితుడు పెళ్లికి నల్లబట్టల్లోనే వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. బెస్ట్‌మ్యాన్‌గా పెళ్లికొడుకు బాబాయి కొడుకు నిలబడ్డాడు, గుడ్డ వృథా పోలేదు.

గ్రూమ్స్‌మెన్‌కు ఇంకో భయం కూడా ఉంటుంది, ఖర్చు కన్నా పెద్దది. అమెరికా పెళ్లిలో బెస్ట్‌మ్యాన్ విందులో లేచి గ్లాసు పట్టుకుని ప్రసంగం చేయాలి. ఉంగరాలు జేబులో దాచమంటే దాస్తారు, మైకు పట్టుకోమంటే వణికేవాళ్లు చాలామంది. పక్కన నిలబడటం, మాట్లాడటం రెండూ ఒకటే పని అని రాయొద్దు. ‘నిలబడటం ఒకటి, మాట్లాడటం ఇంకొకటి, రెండోది ఇష్టమైతేనే’ అని విడదీస్తే మొదటిదానికి సంతోషంగా ఒప్పుకుంటారు. మా అల్లుడు అలాగే చేశాడట, ప్రసంగం వాళ్ల అక్క చేసింది.

ఇక బుజ్జి. జూన్‌లో తనే ఫోన్ చేసి, పొద్దున పెళ్లికి ఆ ముగ్గురమ్మాయిలు ఏం కట్టుకుంటున్నారని అడిగింది. లంగావోణీలు అని మా పిల్ల చెబితే, ‘జాకెట్లు అక్కడ ఎవరు కుడతారే, కొలతలు పంపు, నేను కుట్టిస్తా’ అంది. ముగ్గురివీ, పెళ్లికూతురిదీ కలిపి నాలుగు జాకెట్లు హైదరాబాద్‌లో కుట్టి, సెప్టెంబరులో డాలస్ వెళ్తున్న ఎవరి సూట్‌కేసులోనో చేరాయి. మేం అడిగి ఉంటే ఆ జాకెట్లకు ఇంకో లెక్క ఉండేది.

సాయంత్రం పెళ్లి మొదలయ్యేసరికి హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారుజాము మూడు గంటలు. బుజ్జి ఫోన్‌లో చూసింది, అప్పటికే లేచి కూర్చున్న పాపను ఒళ్లో పెట్టుకుని. జాకెట్లు మూడు సరిగ్గా సరిపోయాయి. నాలుగోది బిగువైతే లోపల వదిలిన కుట్టు విప్పాను, సరిపోయింది.